కోట గోడ ఎత్తు పెంచకుండా ఎందుకు తగ్గించారు?

చైతన్య

ఒక స్ట్రాటజీ గేమ్ ఆడుతుంటే వచ్చిన డౌట్ ఇది. అందులో మధ్యయుగం నడుస్తున్నంతసేపూ కోట గోడ ఎంత ఎత్తు పెంచితే అంత లాభం. ఫిరంగులు రాగానే ఆ ఎత్తైన గోడ విలువ సగానికి పడిపోతుంది. దాని బదులు నేలకు అతుక్కుపోయినట్టుండే నక్షత్రం ఆకారం కోట కట్టుకోమంటుంది. గేమ్ రూల్ కాబట్టి సరే అని కట్టేశాను. కానీ నిజంగా అలా ఎందుకు జరిగిందో బుర్రకెక్కడం లేదు. గుండు దెబ్బకి గోడ ఆగకపోతే ఇంకా మందంగా, ఇంకా ఎత్తుగా కట్టాలి కదా? తగ్గించడమేమిటి? ఆ మొనలు దేనికి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. వికీ చదివాను, పేర్లు తప్ప ఏమీ మిగల్లేదు.

రవికిరణ్

సింపుల్ బ్రో. 1453లో టర్కులు పెద్ద ఫిరంగితో కాన్‌స్టాంటినోపుల్ గోడలు కూల్చేశారు. వెయ్యేళ్ళు నిలిచిన గోడలు అవి. అది చూసి యూరప్ మొత్తం భయపడింది, కోటల డిజైన్ మార్చేసింది. నక్షత్రం ఆకారం ఎందుకంటే, గుండు నేరుగా తగలకుండా ఏటవాలు గోడకి తగిలి పక్కకి జారిపోతుంది. ఇప్పటి యుద్ధ ట్యాంకుకి ముందువైపు రేకు ఏటవాలుగా పెడతారే, అదే లాజిక్.

వరంగల్ శీను

మట్టి గోడల గురించి అడిగితే మా ఊరి పేరెత్తకపోతే ఎట్ల? వరంగల్‌లో రాతికోట బయట మట్టికోట ఉంది, రుద్రమదేవి కాలం నాటిది. 1310లో మాలిక్ కాఫూర్ వచ్చినప్పుడు ఆ మట్టిగోడకి రాళ్ళు విసిరితే పిల్లలు ఆడుకునే కాయల్లాగా ఎగిరి వెనక్కి పడ్డాయని అమీర్ ఖుస్రో రాశాడు. మనోళ్ళకి ముందే తెలుసు ఇదంతా. ఇటలీవాళ్ళకి రెండొందల ఏళ్ళ తర్వాత తెలిసింది.

చైతన్య

శీనన్నా, బాగుంది కానీ అవి రాళ్ళు విసిరే యంత్రాలు. నేను అడుగుతున్నది ఫిరంగుల గురించి.

వరంగల్ శీను

దెబ్బ దెబ్బే కదా తమ్మీ.

భార్గవి

శీను గారి మాటని కొట్టిపారేయకండి, తర్వాత అక్కడికే వస్తాను. ముందు రవికిరణ్ గారు చెప్పినవి రెండూ సరిచేయాలి.

కాన్‌స్టాంటినోపుల్ పెద్ద సంఘటనే. కానీ ఆ ముట్టడి యాభై రోజులకు పైగా నడిచింది. సుల్తాన్ మెహ్మెద్ దగ్గర ఓర్బన్ అనే ఫిరంగుల పనివాడు పోతపోసిన పెద్ద ఫిరంగి రాతిగుండు వేసేది, రోజుకి కొన్నిసార్లు మాత్రమే పేలేది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య లోపలివాళ్ళు పడిపోయిన చోట దుంగలు, మట్టి నింపిన పీపాలు పేర్చి అడ్డం కట్టుకున్నారు. అంటే అంత పెద్ద ఫిరంగి ఉన్నా అది నెమ్మదిగా సాగిన పని. దాన్ని అక్కడిదాకా లాక్కురావడమే ఒక యుద్ధం.

అసలు షాక్ ఇటలీలో తగిలింది. 1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో చార్లెస్ ఆల్ప్స్ దాటి వచ్చాడు. నేపుల్స్ సింహాసనం తనదేనని వాదన. వెంట తెచ్చినవి ఆ పాత రాక్షస ఫిరంగులు కావు. కంచుతో పోసినవి, చక్రాల బండి మీద బిగించినవి, గుర్రాలు లాగేవి. గొట్టానికి రెండు పక్కలా ఇరుసు లాంటి పొడుచుకొచ్చిన కడ్డీలు పోతలోనే ఉండేవి కాబట్టి గొట్టాన్ని పైకీ కిందికీ వంచడం తేలిక. సైన్యంతో పాటే నడిచి, వచ్చిన రోజే గురిపెట్టగలిగేవి. గుండు ఇనుముది. అదే సైజు రాతిగుండుతో పోలిస్తే ఇనుపగుండు దాదాపు మూడు రెట్ల బరువు, పైగా గోడకి తగిలి తాను పగిలిపోదు. చిన్న ఫిరంగితోనే పెద్ద ఫిరంగి దెబ్బ కొట్టొచ్చన్నమాట.

1495 ఫిబ్రవరిలో నేపుల్స్ సరిహద్దున మోంటే సాన్ జొవాన్నీ అనే కోట అడ్డొచ్చింది. అంతకుముందు ఏడేళ్ళ ముట్టడిని తట్టుకున్న కోటగా దానికి పేరు. ఫ్రెంచి ఫిరంగుల ముందు ఎనిమిది గంటలే నిలిచింది. లోపలివాళ్ళని ఊచకోత కోశారు. ఆ వార్త వెళ్ళిన చోటల్లా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. అదే నెలలో చార్లెస్ నేపుల్స్‌లో అడుగుపెట్టాడు.

రవికిరణ్

ఓకే మేడమ్, 1494 పాయింట్ ఒప్పుకుంటా. కానీ గుండు జారిపోవడం తప్పెలా అవుతుంది? ఏటవాలుగా తగిలితే దెబ్బ తగ్గుతుంది కదా, ఫిజిక్స్.

భార్గవి

తగ్గుతుంది, కాదనను. కానీ శత్రువు ఫిరంగిని పక్కకి జరిపి ఆ ముఖానికి ఎదురుగా పెట్టుకుంటే? మొన ఉన్న కోటకి ముఖాలు ఎటోవైపు తిరిగే ఉంటాయి, ఏదో ఒక చోటి నుంచి ప్రతి ముఖమూ నేరుగా దొరుకుతుంది. గుండుని జార్చడానికే అయితే గుండ్రటి బురుజే మేలు, దాన్ని ఎక్కడి నుంచి కొట్టినా వంపు తగులుతుంది. మొదట యూరప్ చేసిందీ అదే, గుండ్రటి బురుజుల్ని లావుగా, పొట్టిగా కట్టుకుంది. తర్వాత వాటిని కూడా వదిలేసింది. ఎందుకు వదిలేశారో అర్థమైతే నక్షత్రం అర్థమైనట్టే. దానికి ముందు ఎత్తు సంగతి తేల్చుకోవాలి.

చైతన్య

అదే చెప్పండి మేడమ్. మందం పెంచి ఎత్తు కూడా ఉంచుకోవచ్చు కదా?

భార్గవి

మధ్యయుగపు గోడ ఎందుకు ఎత్తుగా ఉండేది? నిచ్చెన వేసి ఎక్కేవాడిని ఆపడానికి. పైన నిలబడి రాయో, బాణమో, కాగే నీళ్ళో కిందికి వదలడానికి. ఎత్తుంటే చాలు, మందం మధ్యస్థంగా ఉన్నా నడిచేది.

ఫిరంగివాడు పైన కొట్టడు. గోడ అడుగున, అందినంత కిందకి గురిపెడతాడు. ఒకే వరుసలో దెబ్బ మీద దెబ్బ వేసి అడ్డంగా ఒక గాడి కోస్తాడు. తర్వాత రెండు పక్కలా నిలువు గాళ్ళు. ఇక మిగిలిన పని గోడ తన బరువుతో తానే చేసుకుంటుంది. చెట్టుని నరికినట్టే, కొమ్మల జోలికి పోకుండా మొదలు నరుకుతారు. గోడ ఎంత ఎత్తుంటే పైనుంచి అంత బరువు, అంత తొందరగా కూలుతుంది.

కూలిన రాళ్ళు ఎక్కడ పడతాయి? ముందున్న అగడ్తలో. అగడ్త పూడిపోతుంది, రాళ్ళగుట్ట వాలుగా ఏర్పడుతుంది, శత్రుసైనికుడు దాని మీదుగా నడిచి లోపలికొస్తాడు. గోడ ఎత్తు పెరిగేకొద్దీ పడే రాయి ఎక్కువ, ఆ వాలు అంత సులువుగా ఉంటుంది. నిచ్చెన వేసేవాడిని ఆపడానికి పెంచుకున్న ఎత్తే నిచ్చెన అవసరం లేకుండా మెట్లు కట్టి ఇచ్చింది.

ఇంకో సంగతి. మీ దగ్గరా ఫిరంగులున్నాయి, వాటిని ఎక్కడ పెడతారు? ఆ ఎత్తైన గోడ మీద మనిషి నడిచేంత దారే ఉంటుంది. ఫిరంగి పేలితే వెనక్కి తంతుంది, దానికి చోటు కావాలి. బురుజు పైన పెడితే ఆ అదురుకి మన గోడే బీటలిస్తుంది. పైగా అంత ఎత్తు నుంచి కిందికి కొడితే గుండు ఒకచోట నేలలో దిగబడి ఆగిపోతుంది. నేలకి దగ్గరగా, సమాంతరంగా కొడితే అదే గుండు దారిలో ఉన్నవాళ్ళందరినీ పడగొట్టుకుంటూ పోతుంది. తమ ఫిరంగుల కోసం కూడా గోడ పొట్టిగా, పైన వెడల్పుగా ఉండాల్సి వచ్చింది.

సుబ్బారావు (రిటైర్డ్ ఇరిగేషన్)

అమ్మా భార్గవీ, చాలా చక్కగా చెప్పావు. నేను ముప్పై ఏళ్ళు కాలువ కట్టల మీద తిరిగినవాణ్ణి, కోటల గురించి తెలీదు కానీ మట్టి గురించి తెలుసు. రాయి గట్టిది, కానీ దెబ్బని దాచుకోలేదు. కొట్టినచోటి నుంచి బీట పక్కకి పాకుతుంది. మట్టి మెత్తన, గుండు వచ్చి అందులో దిగబడుతుంది, అంతే, పక్కనున్న మట్టికి ఆ సంగతే తెలీదు. రాత్రికి నలుగురు పారలు పట్టుకుని ఆ గుంట పూడ్చేస్తే తెల్లారేసరికి కట్ట కొత్తది.

కానీ మట్టితో చిక్కు ఏమిటంటే నిలువుగా నిలబడదు. నిలువుగా కోస్తే మొదటి వానకే జారుతుంది. వాలు ఇవ్వాలి. వాలు ఇస్తే శత్రువు నడిచి ఎక్కేస్తాడు కదా? ఈ రెండింటికీ ఎలా పొసిగించారు?

మా రోజుల్లో ఒక కట్టకి పైన రాతిపేర్పు చక్కగా చేసి, వెనకాల మట్టిని మాత్రం దిమ్మిస చేయకుండా వదిలేశారు. కంట్రాక్టరు ఎవరో చెప్పను. మొదటి వరదకి లోపలి మట్టి నీళ్ళు తాగి ఉబ్బి ఆ పేర్పుని బయటికి తోసేసింది. ఉబ్బిన గోడని దూరం నుంచి చూసినా పోల్చుకోవచ్చు, మధ్యలో కడుపు వచ్చినట్టు ఉంటుంది.

భార్గవి

సుబ్బారావు గారూ, వాళ్ళకీ సరిగ్గా అదే తలనొప్పి. వాళ్ళు చేసింది, బయటివైపు ఇటుక గోడ, దాని వెనక దిమ్మిస చేసిన మట్టి. ఇటుక ముఖం మనిషిని ఎక్కనివ్వదు, మట్టి గుండుని మింగుతుంది. ఆ ఇటుక గోడ కూడా నిటారుగా ఉండదు, కొంచెం వెనక్కి వాలి మట్టి తోపుడికి ఎదురొడ్డుతుంది. దాని వెనక మట్టిలోకి చొచ్చుకునేలా అడ్డగోడలు కట్టేవాళ్ళు, ముఖం పగిలినా మట్టి ఒక్కసారిగా జారకుండా. రాయి కంటే ఇటుక మేలు అనుకున్నారు, రాయి దెబ్బకి పెచ్చులై ఎగిరి మన మనుషులకే తగులుతుంది.

అన్నిటికన్నా తెలివైన పని ఏమిటంటే ఆ గోడని పైకి లేపకుండా అగడ్తలోకి దించడం. అగడ్త లోతుగా తవ్వి, గోడ చాలామటుకు ఆ గుంటలోనే ఉండేలా కట్టారు. తవ్విన మట్టిని అగడ్తకి బయట, పొలం వైపు పల్చగా సాగే వాలుగా పోశారు. ఇప్పుడు బయట నిలబడ్డ ఫిరంగివాడికి గోడ అడుగు కనబడదు. ఆ మట్టివాలు అడ్డు, దాని పైనుంచి కోట పైఅంచు ఒక్కటే కనిపిస్తుంది. కానీ అగడ్త అడుగున నిలబడి చూస్తే గోడ ఎత్తుగానే ఉంటుంది, నిచ్చెనవాడికి పాత కష్టమే. చైతన్య గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇదే. గోడ ఎత్తు మరీ అంత తగ్గలేదు, ఫిరంగికి కనబడే ఎత్తు తగ్గింది.

చైతన్య

ఓహ్! గేమ్‌లో బొమ్మ చూసి నిజంగానే పిట్టగోడలా ఉంటుందనుకున్నా.

నాగమణి (పీసా)

నేను ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాను. ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. రైల్లో అరగంట వెళ్తే లూకా అనే ఊరు వస్తుంది. ఊరి చుట్టూ ఆ కాలపు గోడ చెక్కుచెదరకుండా ఉంది, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, 11 బురుజులు. గోడ అంటే గోడ కాదు, పైన చెట్లున్న రోడ్డు. మేం సైకిళ్ళు అద్దెకి తీసుకుని దాని మీదే ఊరంతా చుట్టి వస్తాం. మొదటిసారి వెళ్ళినప్పుడు స్టేషన్ దగ్గర దిగి "కోట గోడ ఎక్కడ?" అని అడిగాను, ఎదురుగానే ఉంది, గడ్డి గట్టు అనుకున్నాను!

ఆ గోడ మీద ఏ శత్రువూ దాడి చేయలేదట. 1812లో సెర్కియో నదికి వరద వస్తే తలుపులు మూసేసి ఊరిని కాపాడుకున్నారు. సుబ్బారావు అంకుల్‌కి నచ్చుతుందని చెప్తున్నా.

సుబ్బారావు (రిటైర్డ్ ఇరిగేషన్)

నచ్చడమేమిటి తల్లీ, అది కోట కాదు, కరకట్ట! మనవాళ్ళకి చూపించాలి.

భార్గవి

నాగమణి గారూ, మీరు పీసాలో ఉండి లూకా గురించి చెప్తున్నారా! ఈ కథలో అసలు మలుపు మీ ఊళ్ళోనే జరిగింది.

1500 వేసవి. పీసా అప్పటికి ఆరేళ్ళుగా ఫ్లోరెన్స్ మీద తిరగబడి ఉంది. ఫ్లోరెన్స్ ఫ్రెంచి రాజు దగ్గర సైన్యాన్ని తెప్పించుకుంది, ఆ పేరుమోసిన ఫిరంగులతో సహా. పీసాకి ఉన్నది పాత మధ్యయుగపు గోడ, పల్చటిది, ఎత్తైనది. కొత్త కోట కట్టుకునే డబ్బూ లేదు, టైమూ లేదు. ఫ్రెంచివాళ్ళు గోడని కొట్టడం మొదలుపెట్టారు, కొద్ది కాలంలోనే పెద్ద గండి పడింది. ఇక పరిగెత్తి లోపలికి దూకడమే అనుకున్నారు.

గండిలోంచి చూస్తే ఎదురుగా ఇంకో అగడ్త ఉంది, దాని వెనక మట్టికట్ట, ఆ కట్ట మీద పీసావాళ్ళు తుపాకులతో, ఫిరంగులతో. బయట గోడ కూలుతున్నంతసేపూ లోపల ఊరు ఊరంతా, ఆడవాళ్ళతో సహా, మట్టి తవ్వి పోస్తూనే ఉంది. ఇది గోడకి లోపలివైపు ఉంది కాబట్టి బయటి ఫిరంగికి కనబడదు, అందదు. గండిలోకి దూరినవాళ్ళు ఎటూ పోలేక మూడువైపుల నుంచి దెబ్బలు తిన్నారు. దాడి విఫలమైంది, కొన్నాళ్ళకి ఆ సైన్యం తగువులాడుకుంటూ వెళ్ళిపోయింది. పీసాని చివరికి 1509లో ఆకలితో లొంగదీశారు తప్ప ఫిరంగులతో కాదు.

అదే 1509లో పాదువాలో చక్రవర్తి మాక్సిమిలియన్‌కీ ఇలాంటి అనుభవమే. వెనిస్‌వాళ్ళు అతను రాకముందే పాత గోడల పైభాగం తామే కొట్టేసి వెనక మట్టి నింపుకున్నారు. ఎంత కొట్టినా ఊరు దొరకలేదు, అక్టోబరు మొదట్లో ముట్టడి ఎత్తేశాడు.

నక్షత్రపు కోటని ఎవరో మేధావి కాగితం మీద కనిపెట్టాడని మనం అనుకుంటాం గానీ, దానిలో సగం ఇలా గండి పడుతుండగా హడావుడిగా పారలతో పుట్టింది. శీను గారూ, మీ మట్టికోట గుణం ఇక్కడ పనికొచ్చింది. ఫిరంగి వచ్చాక దాని విలువ ఇంకా పెరిగింది.

వరంగల్ శీను

అట్ల చెప్పుండ్రి మేడమ్! నేను మొదటి నుంచి గదే మొత్తుకుంటున్న.

నాగమణి (పీసా)

నేను రోజూ ఆ గోడ పక్కనుంచే కాలేజీకి వెళ్తాను. ఇన్నాళ్ళూ వాలే టవర్ తప్ప ఇంకేమీ లేదనుకున్నాను ఈ ఊళ్ళో.

చైతన్య

ఎత్తు సంగతి క్లియర్. మట్టి క్లియర్. ఇక మొనలు. గుండ్రటి బురుజులు ఎందుకు వదిలేశారన్నారు కదా, అది చెప్పలేదు.

భార్గవి

గళ్ళ కాగితం ఉందా? గోడ ఒక గీత గీయండి. దానిలోంచి 30 మీటర్ల వెడల్పు, 15 మీటర్లు ముందుకు పొడుచుకొచ్చిన చదరపు బురుజు ఒకటి. దానికి 30 మీటర్ల దూరంలో, గోడ దగ్గర, పక్క బురుజులో మన ఫిరంగి ఒకటి ఉందనుకోండి. ఇటూ అటూ రెండువైపులా. ఆ రెండు చోట్ల నుంచి బురుజు మూలల్ని తాకుతూ గీతలు గీసి ముందుకు పొడిగించండి. బురుజు ఎదురుగా ఏ గీతకీ అందని చోటు ఎంత మిగిలిందో కొలవండి. తర్వాత చదరం బదులు 15 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం పెట్టి అదే చేయండి.

చైతన్య

చేశాను. చదరపు బురుజు ముందు త్రికోణం మిగిలింది. అడుగు 30 మీటర్లు, మధ్యలో ఏడున్నర మీటర్ల లోతు. అర్ధవృత్తానికి చాలా చిన్నది, 10 మీటర్ల పొడవున, మధ్యలో 90 సెంటీమీటర్లు మాత్రమే. మరి గుండ్రటిదే బెస్ట్ కదా?

రవికిరణ్

చూశారా, గుండ్రటిదే బెటర్.

భార్గవి

చదరం కంటే బెటరే. కానీ ఆ 90 సెంటీమీటర్లలో ఏం చేస్తారో చూడండి. గడ్డపార పట్టుకున్న నలుగురు గోడకి వీపు ఆనించి నిలబడితే చాలు. పైన చెక్క కప్పు వేసుకుని, గోడ అడుగున తొలిచి, మందుపీపాలు కూరి, వత్తి అంటించి పారిపోతారు. బురుజు పైన ఉన్నవాడు తొంగిచూసి కొట్టాలంటే తల బయట పెట్టాలి, పెడితే శత్రువు తుపాకీ సిద్ధంగా ఉంటుంది. పాత కోటలో ఆ చోటుకి పైనుంచి రాళ్ళు వదిలేవాళ్ళు. గోడ పొట్టిగా చేసి, మందంగా చేశాక ఆ సౌకర్యం కూడా పోయింది. ఇక అడుగుని కాపాడేది పక్క బురుజు ఒక్కటే.

గుండ్రటిదానిలో ఇంకో లోపం కాగితం మీద కనబడదు. గుండ్రటి గోడకి ఫిరంగి కన్నాలు పెడితే అవి చక్రం ఆకుల్లా తలోవైపు చూస్తాయి. పక్క బురుజు వైపు తిరిగేది ఒకటో రెండో. అదే తిన్నటి పక్కగోడ ఉంటే దానిలో పెట్టిన ఫిరంగులన్నీ ఒకేవైపు, అగడ్త పొడవునా కొడతాయి.

ఇప్పుడు మీ చదరపు బురుజు దగ్గరికి రండి. ముందు మిగిలిన ఆ ఏడున్నర మీటర్ల త్రికోణాన్ని శత్రువుకి వదలకుండా, దాన్ని కూడా బురుజుగానే కట్టేయండి. ఏమొచ్చింది?

చైతన్య

అయిదు భుజాల బురుజు. మొన!!

ముందు ముఖాలు రెండూ సరిగ్గా పక్క ఫిరంగి గీత మీదే పడ్డాయి. అంటే ఆ ముఖం పొడవునా ఎక్కడ నిలబడ్డా గుండు తగులుతుంది. నిజంగానే ఎవడూ దాక్కోలేడు.

భార్గవి

అదే. గుండు తప్పించుకోవడం కోసం ఆ ఆకారం పుట్టలేదు, మన గుండు ఎక్కడెక్కడ పారాలో ఆ గీతలే గోడలయ్యాయి. అలాంటి బురుజులు ఊరి చుట్టూ పెడితే పైనుంచి చూసినవాడికి నక్షత్రం కనిపిస్తుంది. కట్టినవాళ్ళ మనసులో ఉన్నవి ఈ గీతలే. వెనిస్ 1593లో మొదలుపెట్టిన పాల్మనోవా తొమ్మిది మొనలతో, పుస్తకంలో బొమ్మలా ఉంటుంది. మామూలు ఊళ్ళలో అంత అందం కుదరదు, నది అడ్డొస్తుంది, గుట్ట అడ్డొస్తుంది, బురుజులు వంకరటింకరగా ఉంటాయి. గీతలు కలిస్తే చాలు.

రవికిరణ్

సరే మేడమ్, ట్యాంకు పోలిక వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి. ఇంత గొప్పదైతే మన గోల్కొండ ఎందుకు ఇలా కట్టలేదు? మనకీ ఫిరంగులున్నాయి కదా. కుతుబ్‌షాహీలకి తెలీదా?

భార్గవి

నేను ఇటలీ చదువుకున్నదాన్ని, దక్కన్ గురించి గట్టిగా మాట్లాడను. ఒక్కటి మాత్రం చెప్తాను. 1687లో ఔరంగజేబు దగ్గర ఫిరంగులకి కొదవ లేదు. అయినా గోల్కొండ ఎనిమిది నెలలు నిలిచింది. చివరికి పడింది గండి వల్ల కాదు, లోపలి సర్దారు ఒకడు రాత్రి తలుపు తెరిస్తే. గ్రానైటు గుట్ట మీద, మందమైన గోడ ఉన్నచోట మార్చాల్సిన తొందర కనబడి ఉండకపోవచ్చు. పీసా పల్లపు నేల మీద పల్చటి గోడతో ఉంది, దానికి వేరే దారి లేదు.

వరంగల్ శీను

మొఘలులు సొరంగాలు కూడా తవ్విండ్రు గోల్కొండ దగ్గర. లోపలోళ్ళు ఎదురు తవ్వి పట్టేసిండ్రు, మందు వాళ్ళ మీదికే పేలిందంటరు.

రవికిరణ్

అంటే ఎత్తైన గోడ పనికిరాకుండా పోయిందన్న మాటే పూర్తిగా నిజం కాదన్నమాట. రాయి గట్టిదైతే, గుట్ట మీదుంటే నడిచింది.

భార్గవి

ఈసారి మీతో సగం ఒప్పుకుంటాను. ఇంగ్లండు అంతర్యుద్ధంలో డోనింగ్టన్ అనే చిన్న మధ్యయుగపు కోట ఉంది. 1643లో దాని చుట్టూ మట్టితో మొనల గట్టు పోశారు. లోపలి పాత గోడలు చాలావరకు ఫిరంగులకి కూలిపోయాయి, అయినా లోపలివాళ్ళు 1646 దాకా లొంగలేదు. మీరు దీన్ని పాత కోట గెలుపు అంటారు, నేను మట్టిగట్టు గెలుపు అంటాను. చార్లెస్ ఇటలీని అంత తేలిగ్గా దాటడంలో ఫిరంగుల వాటా ఎంత, యుద్ధం చేయకుండానే తలుపులు తీసిన ఊళ్ళ రాజకీయం వాటా ఎంత అన్నదాని మీద కూడా చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

చైతన్య

గేమ్‌లో ఈ కోట కట్టాలంటే ఖజానా ఖాళీ అవుతుంది. నిజంగా కూడా అంతేనా?

భార్గవి

ఇటలీలోనే ఉన్న సియెనా అనే నగర రాజ్యాన్ని అడగండి. 1552లో స్పెయిన్ దండుని వెళ్ళగొట్టి, ఇక తమ ఊళ్ళన్నిటికీ కొత్త బురుజులు కట్టుకోవాలని దిగింది. మట్టి పని, ఇటుక పని, కూలీలు, ఊరి చుట్టూ ఇళ్ళు పడగొట్టడం. గోడ ముందు ఫిరంగి పారాలంటే బయట ఒక్క ఇల్లూ, ఒక్క తోటా ఉండకూడదు కదా. శత్రువు వచ్చేసరికి కోటలు సగం సగం కట్టి ఉన్నాయి, సైన్యాన్ని పెట్టుకోవడానికి డబ్బు లేదు. 1555లో లొంగిపోయింది, ఆ రాజ్యమే పోయింది. మరోపక్క ముట్టడి వేసేవాడికీ ఖర్చే. ఇలాంటి ఊరిని తీసుకోవాలంటే చుట్టూ తానూ కందకాలు తవ్వుకుంటూ వంకరగా దగ్గరికి జరగాలి, నెలలు పడుతుంది.

సుబ్బారావు (రిటైర్డ్ ఇరిగేషన్)

ఖర్చులో సగం మట్టి మోతకే పోయి ఉంటుంది, నాకు సందేహం లేదు. తవ్వినచోటి నుంచి పోసేచోటికి దూరం పెరిగితే లెక్క తలకిందులవుతుంది. అగడ్త మట్టినే పక్కన పోసుకున్నారంటే ఆ ఇంజనీరు గట్టివాడే.

భార్గవమ్మా, ఇంకొక్కటి. ఆ ఇటుక గోడ వెనక మట్టిలో దిగిన వాననీళ్ళు ఎటు పోయేవి? నీళ్ళు బయటికి పోయే దారి లేకపోతే ఫిరంగి అక్కర్లేదు, రెండు గట్టి వానాకాలాలు చాలు ఆ ముఖం అగడ్తలో పడటానికి. నాగమణీ, నువ్వు ఈసారి లూకా వెళ్తే గోడ కింది భాగంలో చిన్న చిన్న కన్నాలేమైనా వరుసగా ఉన్నాయేమో చూసి ఫోటో పెట్టు తల్లీ.

నాగమణి (పీసా)

శనివారం వెళ్తున్నాం అంకుల్. అగడ్త ఉన్నచోట ఇప్పుడు గడ్డిమైదానం, దిగి దగ్గరగా చూసి ఫోటోలు పెడతాను. మధ్యలో ఎక్కడైనా కడుపు వచ్చిందేమో కూడా చూస్తాను.